ఫస్ట్ ఫ్లోర్ రెండోది ఎలా అయింది: సున్నా నుంచి లెక్క, ఒకటి నుంచి లెక్క

సంక్షిప్తంగా: "ఎన్ని" అనే ప్రశ్నకు జవాబు చెప్పే అంకె వేరు, "ఎన్నోది" అనే ప్రశ్నకు జవాబు చెప్పే అంకె వేరు. మొదటి రకాన్ని కార్డినల్ అనీ, రెండో రకాన్ని ఆర్డినల్ అనీ అంటారు. పైథాన్, సీ, జావా లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో వరసలోని వాటికి సున్నా నుంచి వేసే నంబరు, అంటే ఇండెక్స్, చూడటానికి ఆర్డినల్‌లా ఉంటుంది కానీ అది చెప్పేది "దీనికి ముందు ఎన్ని ఉన్నాయి" అన్న లెక్క, అంటే అది కార్డినల్. ఆర్, మ్యాట్‌ల్యాబ్, జూలియా, ఎక్సెల్‌లలో ఒకటి నుంచి మొదలయ్యేది మామూలుగా మనం చెప్పుకునే వరస అంకె. ఒకదాన్ని ఇంకొకటి అనుకుని చదివినప్పుడు లెక్క ఒక అడుగు పక్కకు జరుగుతుంది. చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు.

## ఒకే ఇంట్లో రెండు లెక్కలు

జీ ప్లస్ టూ ఇల్లు అంటే మన దగ్గర మేస్త్రీ నుంచి బ్యాంకు లోన్ ఇచ్చే వాళ్ల దాకా అందరికీ తెలుసు, కింద గ్రౌండ్ ఫ్లోర్, దాని మీద రెండు. మొత్తం అంతస్తులు మూడు. ఇక్కడ ఎవరూ తడబడరు. కానీ ఇల్లు కడుతున్నప్పుడు "రెండో శ్లాబు పడింది" అని ఫోన్ వస్తే ఆ శ్లాబు ఏ ఫ్లోర్‌కి పైకప్పు? ఫస్ట్ ఫ్లోర్‌కి. గ్రౌండ్ ఫ్లోర్ పైకప్పు మొదటి శ్లాబు, ఫస్ట్ ఫ్లోర్ పైకప్పు రెండో శ్లాబు, సెకండ్ ఫ్లోర్ పైకప్పు మూడో శ్లాబు. అదే ఇంట్లో శ్లాబుల్ని ఒకటి నుంచి లెక్కపెడుతున్నారు, ఫ్లోర్లని సున్నా నుంచి. గొడవ లేకుండా ఏళ్ల తరబడి నడుస్తోంది, ఎందుకంటే ఆ అంకెలు దేన్ని లెక్కపెడుతున్నాయో కట్టేవాళ్లకి తెలుసు.

ఫ్లోర్ నంబరు దేన్ని లెక్కపెడుతోంది? నిలబడ్డ చోట కాళ్ల కింద ఎన్ని శ్లాబులు ఉన్నాయో దాన్ని. గ్రౌండ్ ఫ్లోర్‌లో నిలబడితే కింద శ్లాబు లేదు, సున్నా. ఫస్ట్ ఫ్లోర్‌లో నిలబడితే ఒకటి. సెకండ్ ఫ్లోర్‌లో రెండు. అంటే "ఫస్ట్" అని వరస మాట వాడుతున్నా, లోపల ఉన్నది కింద ఎన్ని దాటి వచ్చామన్న లెక్క. సున్నా నుంచి మొదలయ్యే ఇండెక్స్ మొత్తం సంగతి ఈ ఇంట్లోనే ఉంది.

అమెరికాలో ఇలా కాదు. అక్కడ వీధిలోంచి అడుగుపెట్టేదే ఫస్ట్ ఫ్లోర్, దాని మీదది సెకండ్. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్లిన తల్లిదండ్రులు ఫస్ట్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్ అని విని మెట్లు వెతకడానికి కారణం ఇదే. అమెరికా లెక్కలో నంబరు అంతస్తు వరసని చెప్తుంది, మన లెక్కలో (ఇది బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన అలవాటు) నేల నుంచి ఎత్తుని చెప్తుంది. రెండు పద్ధతుల్లోనూ ఇల్లు మాత్రం ఒకటే, అంతస్తులు మూడే.

## "మొదటి" వేరు, "ఒకటో" వేరు

ఈ విషయంలో తెలుగు చాలా సాయం చేస్తుంది. రెండు నుంచి రెండో, మూడు నుంచి మూడో, పది నుంచి పదో వస్తాయి. ఒకటి నుంచి ఒకటో వస్తుంది కానీ వరసలో ముందున్నదాన్ని చెప్పడానికి ఎక్కువగా వాడేది "మొదటి". అది ఒకటి నుంచి పుట్టిన మాట కాదు, మొదలు నుంచి పుట్టింది. చెట్టు మొదలు, కథ మొదలు అన్నప్పుడు ఉన్న మొదలే. ఇంగ్లీషులో ఫస్ట్‌కీ వన్‌కీ సంబంధం లేదు, హిందీలో పహలాకీ ఏక్‌కీ లేదు, సంస్కృతంలో ప్రథమకీ ఏకకీ లేదు. అన్నిటికంటే ముందున్నది ఏదో చెప్పడానికి అంకె అక్కర్లేదు. దాని ముందు ఇంకేదీ లేకపోతే చాలు.

"ఒకటో" మాత్రం అంకెని పట్టుకుని ఉంటుంది. ఒకటో తేదీ, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం, ఒకటో తరగతి. ఇవన్నీ తగిలించిన చీటీలు. పిల్లవాడు బడిలో చేరితే వాడి మొదటి తరగతి ఎల్‌కేజీ, రెండోది యూకేజీ, మూడో ఏడాదికి గానీ ఒకటో తరగతికి రాడు. "వాడి మొదటి తరగతి" అన్నా "ఒకటో తరగతి" అన్నా ఒకటే అనుకుంటే ఇక్కడ రెండేళ్ల తేడా వస్తుంది.

ప్రోగ్రామింగ్‌లో ఈ తేడా పట్టుకుంటే సగం తికమక పోతుంది. ఐదుగురి మార్కులు పైథాన్‌లో రాస్తే:

```python
marks = [72, 65, 88, 91, 54]
marks[0]      # 72
marks[1]      # 65
marks[0:3]    # [72, 65, 88]
```

మొదటి మార్కు 72. అది ఏ భాషలో అయినా మారదు, ఎందుకంటే దాని ముందు ఏదీ లేదు. కానీ ఒకటో నంబరు చీటీ ఉన్నది 65కి. ఇదే ఆర్‌లో రాస్తే:

```r
marks <- c(72, 65, 88, 91, 54)
marks[1]      # 72
marks[1:3]    # 72 65 88
```

ఇక్కడ మొదటిదీ 72, ఒకటోదీ 72. కాబట్టి "సున్నా నుంచి లెక్కపెడితే మొదటిది మారిపోతుంది" అన్న మాట సరికాదు. మారేది చీటీ. పైథాన్‌లో "సున్నావది" అని పలకడం అందుకే ఇబ్బందిగా ఉంటుంది, సున్నాకి వరస మాట తగిలించాల్సిన అవసరం ఇదివరకు భాషకి పెద్దగా రాలేదు. ఆఫీసులో ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు "మొదటి ఎలిమెంట్" లేదా "ఇండెక్స్ సున్నా" అనడం మంచిది. "ఒకటో ఎలిమెంట్" అంటే వినేవాళ్లు సగం మంది 72 అనుకుంటారు, సగం మంది 65 అనుకుంటారు.

## నిండిన ఏళ్లు, నడుస్తున్న ఏడు

సున్నా నుంచి లెక్కపెట్టడం కంప్యూటర్ వాళ్లు తెచ్చిపెట్టిన వింత అనిపిస్తుంది కానీ వయసుని అందరం అలాగే చెప్తాం. "తొమ్మిది నిండి పదో ఏడు నడుస్తోంది" అనే వాక్యంలో రెండు అంకెలూ ఉన్నాయి: తొమ్మిది అనేది గడిచిన ఏళ్ల లెక్క, పదో అనేది ఇప్పుడున్న ఏడాది వరస. రెండూ నిజం, తేడా ఎప్పుడూ ఒకటి. పుట్టిన ఆరు నెలల పాప మొదటి ఏట ఉంది, నిండిన ఏళ్లు సున్నా. పైథాన్ ఇండెక్స్ నిండిన ఏళ్ల లాంటిది, ఆర్ ఇండెక్స్ నడుస్తున్న ఏడు లాంటిది.

శతాబ్దాలతో వచ్చే తికమక కూడా ఇదే. 1947లో 19 శతాబ్దాలు నిండాయి, నడుస్తున్నది 20వది. క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది. కాబట్టి మొదటి శతాబ్దం 1 నుంచి 100 వరకు, 21వ శతాబ్దం మొదలైంది 2001 జనవరి 1న. ప్రపంచం మాత్రం 2000 జనవరి 1న పండగ చేసుకుంది.

## మెమరీలో జరిగే లెక్క

సీ భాషలో ఒక అర్రే అంటే మెమరీలో పక్కపక్కన పేర్చిన గదులు. ఒక్కో పూర్ణసంఖ్యకి 4 బైట్లు పడతాయనుకుందాం (ఇప్పటి మామూలు కంప్యూటర్లలో అంతే), అర్రే 1000వ అడ్రస్ దగ్గర మొదలవుతుందనుకుందాం. మొదటి అంకె 1000 దగ్గర, రెండోది 1004 దగ్గర, మూడోది 1008, నాలుగోది 1012. ఏది కావాలన్నా మొదలు నుంచి ఎన్ని గదులు దాటాలో తెలిస్తే చాలు:

```
address = 1000 + i * 4
```

`i` ఇక్కడ దాటాల్సిన గదుల లెక్క. మొదటి దానికి ఏదీ దాటక్కర్లేదు, కాబట్టి సున్నా. సీలో `a[i]` అని రాస్తే అర్థం `*(a + i)`, అంటే "`a` నుంచి `i` గదులు జరిగి అక్కడున్నది తీసుకో". ఈ ఆలోచన సీ కంటే పాతది. మార్టిన్ రిచర్డ్స్ 1967లో తయారు చేసిన బీసీపీఎల్‌లోనే ఉంది, అక్కడి నుంచి బీ అనే భాషకి, దాన్నుంచి సీకి వచ్చింది. సీ చూసి జావా, జావాస్క్రిప్ట్ లాంటివి అదే దారి పట్టాయి.

అంతకుముందే, 1957లో ఐబీఎం వాళ్ల ఫోర్‌ట్రాన్ వచ్చింది, అది ఒకటి నుంచి మొదలుపెట్టింది. దానికీ బలమైన కారణమే ఉంది. ఫోర్‌ట్రాన్ పేరే ఫార్ములాల అనువాదం అన్న అర్థంలో పెట్టింది, వాడేది శాస్త్రవేత్తలు, వాళ్ల కాగితాల మీద మాత్రికలో మొదటి అడ్డువరస నంబరు 1. మ్యాట్‌ల్యాబ్, ఆర్, జూలియా ఒకటి నుంచి లెక్కపెట్టడం కూడా ఆ గణిత అలవాటుకి దగ్గరగా ఉంటుంది. అందుకే సున్నా పద్ధతి తెలివైనది, ఒకటి పద్ధతి మొరటుది అన్న వాదన నిలబడదు. సున్నా పద్ధతి యంత్రం నడిచే దూరాన్ని చెప్తోంది, ఒకటి పద్ధతి మనిషి చదివే వరసని చెప్తోంది.

ఒకటి నుంచి మొదలుపెడితే ప్రతిసారీ ఒకటి తీసెయ్యాలి కాబట్టి నెమ్మది అవుతుందని చాలామంది అంటారు. పై ఉదాహరణలో అయితే `1000 + (i - 1) * 4`. కానీ దాన్నే `996 + i * 4` అని రాసుకోవచ్చు, ఆ తీసివేత కంపైలర్ ముందే ఒకసారి చేసి పెట్టుకోగలదు. ఇప్పుడు వేగం పెద్ద కారణం కాదు.

## డైక్‌స్ట్రా చూపించిన కారణం

అసలు బలమైన కారణాన్ని 1982లో డచ్ శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా చేత్తో రాసిన ఒక చిన్న నోట్‌లో పెట్టాడు. ఆయన మొదలుపెట్టింది ఇండెక్స్‌తో కాదు, హద్దులతో. 2, 3, ... 12 అనే వరసని చెప్పడానికి నాలుగు దారులున్నాయి:

```
2 <= i < 13
1 < i <= 12
2 <= i <= 12
1 < i < 13
```

మొదటి రెండిట్లో ఒక సుఖం ఉంది. హద్దుల మధ్య తేడా తీస్తే ఎన్ని అంకెలున్నాయో నేరుగా వస్తుంది: 13 లోంచి 2 పోతే 11, 12 లోంచి 1 పోతే 11. మూడో దారిలో 12 లోంచి 2 పోతే 10, కానీ అంకెలు 11. ఇక్కడే పొలం కంచె లెక్క గుర్తొస్తుంది. వంద అడుగుల గట్టు మీద పది అడుగులకో రాయి పాతితే రాళ్లు పది కాదు, పదకొండు. ఖాళీలు పది. సున్నా అడుగు దగ్గర పాతిన రాయిని మర్చిపోవడం మనుషులకి సహజం.

రెండో దారిలో కింది హద్దు వరసలో చేరదు. సున్నా నుంచి మొదలయ్యే వరసని అలా రాయాలంటే మైనస్ ఒకటి రాయాలి, అది బాగోదు. కాబట్టి మొదటి దారి మిగులుతుంది: కింది హద్దు చేరుతుంది, పై హద్దు చేరదు. ఇప్పుడు `N` వస్తువులకి నంబర్లు వెయ్యాలి. ఒకటి నుంచి వేస్తే `1 <= i < N+1`, సున్నా నుంచి వేస్తే `0 <= i < N`. రెండోది శుభ్రంగా ఉంది. ఆ నోట్‌లో డైక్‌స్ట్రా చెప్పిన అర్థం కూడా ఇదే: సున్నా నుంచి వేస్తే ఒక వస్తువు నంబరు దానికి ముందున్న వస్తువుల సంఖ్యకి సమానం.

పైథాన్‌లో `marks[0:3]` మూడు మార్కులే ఇవ్వడానికి కారణం ఇదే. `marks[0:3]` పక్కన `marks[3:5]` పెడితే మొత్తం ఐదూ వస్తాయి, ఏదీ రెండుసార్లు రాదు, ఏదీ పోదు. ఒక ముక్క ఆగిన అంకె దగ్గరే తర్వాతి ముక్క మొదలవుతుంది. ఆర్‌లో మొదటి ముక్క `1:3` అయితే రెండోది `4:5`, ఆ ఒకటి కలపడం రాసేవాళ్ల బాధ్యత. కానీ ఆర్‌లో "రెండో విద్యార్థి నుంచి నాలుగో విద్యార్థి వరకు" అన్నమాట యథాతథంగా `2:4` అవుతుంది. పైథాన్‌లో అది `1:4`, కింది హద్దు మారింది, పైది మారలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది పట్టుబడటానికి టైం పడుతుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

## మార్కుల షీటులో 24వ నంబరు

ఇప్పుడు రోజూ జరిగే పని ఒకటి చూద్దాం. ఎక్సెల్ షీటులో నలభై మంది విద్యార్థుల మార్కులు ఉన్నాయి, మొదటి వరసలో హెడింగులు, రెండో వరస నుంచి రోల్ నంబరు 1. మధ్యలో ఖాళీలు లేవు. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీతో దాన్ని చదివితే రోల్ నంబరు 24కి నాలుగు అంకెలు తగులుతాయి. రోల్ నంబరు 24. వరసలో 24వ విద్యార్థి. ఎక్సెల్‌లో ఎడమ పక్కన కనిపించే వరస నంబరు 25, హెడింగ్ ఒకటి తినేసింది కాబట్టి. పాండాస్‌లో స్థానం 23, ముందు 23 మంది ఉన్నారు కాబట్టి.

`df.iloc[24]` అని రాస్తే 24 మందిని దాటి 25వ విద్యార్థి వస్తాడు. ఎర్రర్ రాదు. పేరు చూడకపోతే పక్కవాడి మార్కులు మెమోలోకి వెళ్లిపోతాయి.

ఇప్పుడు రోల్ నంబరు 7 అమ్మాయి టీసీ తీసుకుని వెళ్లిపోయింది, షీటులో ఆ వరస తీసేశారు. రోల్ నంబరు 24 వరసలో 23వ స్థానానికి వచ్చింది, ఎక్సెల్‌లో 24వ వరసకి వచ్చింది, పాండాస్‌లో 22కి వచ్చింది. `df.iloc[24]` ఇప్పుడు రోల్ నంబరు 26ని తెస్తుంది. ఆర్‌లో `df[24, ]` అని రాసి నిశ్చింతగా ఉన్నవాళ్లకి కూడా దెబ్బ తగులుతుంది, నిన్నటి దాకా సరైన విద్యార్థినే ఇచ్చిన ఆ లైను ఇవాళ రోల్ నంబరు 25ని ఇస్తుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఎక్సెల్ తెరిచి చూస్తే రోల్ నంబరూ వరస నంబరూ 8 నుంచి కింద దాకా సరిగ్గా కలిసి కనిపిస్తాయి. చూసినవాళ్లు రెండూ ఒకటే అని నమ్మేస్తారు.

అంటే ఇక్కడ సమస్య సున్నా నుంచా, ఒకటి నుంచా అన్నది మాత్రమే కాదు. చీటీని స్థానం అనుకోవడం. చీటీతోనే వెతకాలి:

```python
df = df.set_index("roll")
df.loc[24]      # రోల్ నంబరు 24
df.iloc[22]     # 22 మంది తర్వాత వచ్చేవాళ్లు
```

`loc` చీటీని చూస్తుంది, `iloc` స్థానాన్ని చూస్తుంది. హద్దుల దగ్గర కూడా ఇవి వేరుగా ప్రవర్తిస్తాయి: అసలు షీటుని చదివిన వెంటనే `df.iloc[0:5]` ఐదు వరసలు ఇస్తుంది, `df.loc[0:5]` ఆరు ఇస్తుంది. చీటీలతో వెతికేటప్పుడు చివరి చీటీ కూడా చేరుతుంది. చీటీ అంకె కాకుండా పేరు కూడా అయి ఉండొచ్చు, "ఫలానా పేరు తర్వాతది ఏదో దాని ముందు దాకా" అని రాయడం కుదరదు కదా.

## నెలలు సున్నా నుంచి, తేదీలు ఒకటి నుంచి

రెండు పద్ధతులూ ఒకే లైనులో కలిసిపోయిన చోటు జావాస్క్రిప్ట్ తేదీ.

```javascript
new Date(2024, 0, 31)   // 2024 జనవరి 31
new Date(2024, 1, 31)   // 2024 మార్చి 2
```

నెల సున్నా నుంచి, తేదీ ఒకటి నుంచి. జనవరి అనుకుని 1 రాస్తే ఫిబ్రవరి అవుతుంది, ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులే కాబట్టి 31 అంటే మిగిలిన రెండు రోజులు మార్చిలోకి పోతాయి. ఇది జావా పాత తేదీ క్లాసు నుంచి వచ్చింది, ఈ అలవాటు సీలో అంతకుముందు నుంచే ఉంది. సీ ప్రమాణంలో ఆ `tm_mon` అనే దానికి రాసిన వివరణ చదివితే అంతా తేటతెల్లం అవుతుంది: జనవరి నుంచి గడిచిన నెలలు, 0 నుంచి 11. పక్కనే `tm_mday` కి నెలలో రోజు, 1 నుంచి 31. అంటే ఒకటి నిండిన లెక్క, ఇంకొకటి నడుస్తున్న వరస. నెల అంకెతో పన్నెండు పేర్ల అర్రేలోంచి పేరు తీసుకోవడానికి సున్నా నుంచి ఉంటే వీలు. తేదీకి పేర్లు లేవు, దాన్ని అలాగే తెర మీద చూపిస్తారు.

ఈ తప్పు దొరకడం కష్టం, ఎందుకంటే చాలా తేదీలు పక్క నెలలో కూడా ఉంటాయి. జనవరి 15కి బదులు ఫిబ్రవరి 15 వచ్చినా తెర మీద మంచి తేదీలాగే కనిపిస్తుంది. 29, 30, 31 తేదీల్లో, అదీ పక్క నెలలో అన్ని రోజులు లేకపోతేనే వింతగా కనబడుతుంది. పరీక్షించేటప్పుడు జనవరి 31 పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది.

## తప్పు ఎలా కనబడుతుంది

మొదటి వరస మాయం అయిందంటే సున్నా పద్ధతి ఉన్న చోట ఒకటి నుంచి లూప్ తిప్పారని అర్థం. చివర్లో హద్దు దాటిందని ఎర్రర్ వస్తే అదే లూప్ ఒకటి ఎక్కువ తిరిగింది. ఇవి మంచి రకం తప్పులు, కనబడతాయి.

కనబడనివి వేరే ఉన్నాయి. ఆర్‌లో `marks[0]` అంటే ఎర్రర్ ఇవ్వదు, ఖాళీ వెక్టర్ ఇస్తుంది, మొత్తం కూడితే సున్నా వస్తుంది. పైథాన్‌లో ఎక్సెల్ నంబరుని సరిచెయ్యడానికి `i - 1` అని రాసి, ఆ `i` ఎప్పుడైనా సున్నా అయితే `marks[-1]` అవుతుంది, అది చివరి మార్కు. ఆర్‌లో అదే `marks[-1]` అంటే మొదటిది తీసేసి మిగతా అన్నీ. ఒకే రాత, రెండు రకాల ఫలితాలకి దారి. జూలియాలో, మ్యాట్‌ల్యాబ్‌లో సున్నా ఇస్తే వెంటనే ఎర్రర్ వస్తుంది, ఈ ఒక్క విషయంలో అవి చాలా నయం.

ఫైలు ఒక భాష నుంచి ఇంకో భాషకి వెళ్లేటప్పుడు మొదటి వరస, చివరి వరస, మొత్తం ఎన్ని అన్న మూడూ రెండు వైపులా రాసుకుని పోల్చాలి. మొత్తం ఒక్కటే పోలిస్తే సరిపోదు, నలభై మందీ ఉండి అందరి మార్కులూ ఒక్కో వరస కిందకి జారిపోయినా మొత్తం నలభైయే వస్తుంది. కాలమ్‌కి పేరు పెట్టేటప్పుడే `row` అని వదిలెయ్యకుండా `excel_row`, `offset`, `roll` అని విడివిడిగా రాస్తే, ఆరు నెలల తర్వాత అది చదివే మనిషికి ఆ 24 ఏ 24 అన్న ప్రశ్న రాదు.